పరస్థానం వెళ్ళిన సంచి

విదేశం అంటే మంచు కురవాల్సిందేనని మా నర్సీపట్నంలో అందరికీ గట్టి నమ్మకం. నేను వెళ్ళేది బ్యాంకాక్ అనీ, అక్కడ మన తుని కంటే ఎక్కువ ఉక్కపోస్తుందనీ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది గాని, ఒక్కరు వింటే ఒట్టు. పక్కింటి పిన్నిగారు మంకీ క్యాప్ తెచ్చారు. నాన్నగారితో పనిచేసే హిందీ మేష్టారి భార్య ఎర్ర ఉన్నితో స్వెట్టరు అల్లేసి, "ఏటోనమ్మా, పైదేశం పైదేశమే, ఉంచుకో" అని నా చేతిలో కుక్కారు. అప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఆ స్వెట్టరు గుర్తొస్తే ఆవిడ చేతులు కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది.

ఎనభైల మొదట్లో సంగతి. నేను విశాఖపట్నంలో సివిల్ ఇంజనీరింగు పూర్తి చేశాను. మంచినీటి సరఫరా మీద పై చదువుకి బ్యాంకాక్‌లో ఒక విద్యాసంస్థ సీటిచ్చింది, స్కాలర్‌షిప్ కూడా ఇచ్చింది. సెప్టెంబరులో సెమిస్టరు మొదలు. గడువు తేదీ లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లతో స్వయంగా వచ్చి పేరు నమోదు చేయించుకోకపోతే స్కాలర్‌షిప్ వెయిటింగు లిస్టులో తర్వాతివారికి వెళ్ళిపోతుందని ఉత్తరంలో స్పష్టంగా రాశారు. వచ్చే ఏడాది చూసుకుందాంలే అనే మాట మా ఇంట్లో నడవదు. ఈ ఏడాదికి మా నాయనమ్మని ఒప్పించడానికే నాన్నగారి తాతలు దిగొచ్చారు.

ఆ ఉత్తరంతో పాటు రెండు పేజీల సైక్లోస్టైల్ జాబితా వచ్చింది, సెమిస్టరు మొదలయ్యేలోపు కొత్త విద్యార్థి సిద్ధం చేసుకోవాల్సినవి. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఇంక చెప్పాలా! దాన్ని అట్టకి అంటించి, క్యాలెండరు తీసేసి ఆ మేకుకి తగిలించారు. పని మొదలైతే పెన్సిలు గీత, పూర్తయితే ఎర్రసిరా టిక్కు. అదైనా ఆయన కళ్ళతో రెండుసార్లు చూసుకున్నాకే. అమ్మ ఆ అట్ట కిందనుంచి వెళ్ళేటప్పుడు తల వంచుకుని వెళ్ళేది.

పాస్‌పోర్ట్ హైదరాబాదు నుంచి రావాలి. ముందు పోలీసు ఎంక్వైరీకి కానిస్టేబుల్ వచ్చి మా వీధరుగు మీద కూర్చుని, "అమ్మాయి మీద కేసులేవైనా ఉన్నాయా మేష్టారూ?" అని అడిగితే నాయనమ్మ లోపల్నుంచి, "ఉన్నాయి, పొద్దున్న బేగి లెగవదు" అంది. పాస్‌పోర్ట్ వచ్చాక దాన్ని వీసా కోసం రిజిస్టర్డ్ పోస్టులో కలకత్తాలో ఉన్న థాయ్ కాన్సులేట్‌కి పంపాం. అది తిరిగొచ్చేదాకా నాన్నగారు పోస్ట్‌మాన్‌ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడేవారు. డిగ్రీ పట్టా, మార్కుల జాబితాలు ఒరిజినల్స్, వాటికి గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో నకళ్ళు, అదనంగా పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఛాతీ ఎక్స్‌రే, డాక్టరు సర్టిఫికెట్, కళ్ళజోడు రెండోది, దానితో పాటు కంటి డాక్టరు చీటీ. వైజాగ్ బ్యాంకులో ట్రావెలర్స్ చెక్కులు తీసుకున్నాం. ఆఫీసరు ఎదురుగా ఒక సంతకం చేశాను. రెండోది అక్కడ మార్చుకునేటప్పుడే చెయ్యాలట. ఊపులో రెండోది కూడా పెట్టబోతే నాన్నగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ చెక్కుల నంబర్లు రాసిన కాగితం ఇంట్లో బియ్యం డబ్బా కింద ఉండిపోయింది.

జాబితాలో అన్నింటికంటే చిన్నది కలరా టీకా. పసుప్పచ్చ పుస్తకంలో ముద్ర పడాలి. సూది పొడిపించుకున్న ఆరు రోజుల తర్వాత గాని అది చెల్లదు కాబట్టి ముందే కానివ్వాలి. అలా గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో సగం మంది పిల్లల్ని భూమ్మీదకి దించిన మనిషి. ఒంటరిది. మా వీధి చివర బస్టాండుకి వెళ్ళే దారిలో పెంకుటింట్లో ఉండేది. సూది చూసి నేను మొహం తిప్పుకుంటే, "ఇంజనీరు గోరూ, ఇటు సూడు. ఈపాటి సూదికే ఇలగయిపోతే ఇమానం ఏటెక్కుతావు?" అంటూనే పొడిచేసింది. తర్వాత పుస్తకంలో డాక్టరుగారి చేత సంతకం చేయించి, ముద్ర సరిగ్గా పడలేదని రెండోసారి కొట్టించి, ఆరేదాకా ఊది మరీ ఇచ్చింది.

అన్నీ అయ్యాక ఒక చిక్కు మిగిలింది, మంగళవారం. వాల్తేరులో మాకు హౌరా మెయిలు రిజర్వేషను దొరికింది మంగళవారం సాయంత్రానికి. ఆ రైలు తప్పితే కలకత్తాలో విమానం తప్పుతుంది, విమానం తప్పితే గడువు తప్పుతుంది. నాయనమ్మ మాత్రం గుమ్మంలో చతికిలబడి, "మంగళారం నాడు ఆడపిల్ల గడప దాటడవేటి? నేను బతికుండగా అవదు" అంది. నాన్నగారు రైళ్ళ టైము పుస్తకం తెచ్చి చూపించారు. "ఆ బుక్కు రాసినోడికి ఆడపిల్లల్లేరేమో" అని ఆవిడ దాన్ని పక్కకి తోసేసింది.

చివరికి ఆవిడే దారి చూపించింది. ఆదివారం పొద్దున మంచి ఘడియ ఉందట, ఆ వేళకి పరస్థానం పెట్టెయ్యమంది. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, మంచి ఘడియలో మన సామాను ఏదో ఒకటి మనం వెళ్ళే దిక్కున ఉన్న ఇంకొకరింట్లో పెట్టేస్తారు. అక్కడితో ప్రయాణం మొదలయినట్టే లెక్క. ఆ తర్వాత అసలు రోజున వెళ్తూ దారిలో దాన్ని తీసుకుని పోవడమే. షరతల్లా ఒక్కటే, అలా బయటపెట్టినదాన్ని మళ్ళీ వెనక్కి తేకూడదు.

"చెప్పులు పెట్టేస్తే సరిపోదా అత్తయ్యా?" అంది అమ్మ పాపం, పని తేలిగ్గా అయిపోతుందని.

"దేవుడి కళ్ళల్లో దుమ్ము కొడదామనేటి? ఏది లేకపోతే ఇది ఎల్లలేదో అదే పెట్టాల."

ఏది లేకపోతే వెళ్ళలేనో అట్ట మీద రాసే ఉంది. పాస్‌పోర్ట్, టికెట్, సర్టిఫికెట్లు, చెక్కులు, టీకా పుస్తకం, ఎక్స్‌రే, అన్నీ ఒక నీలం రెగ్జిన్ సంచిలో సర్ది ఉన్నాయి. వీటిని పెట్టెలో పెట్టవద్దు, చేతిసంచిలో ఎప్పుడూ మీతోనే ఉంచుకోండి అని జాబితాలో అడుగున గీత గీసి మరీ రాశారు. నేను అది చూపించి నాన్నగారు అడ్డం పడతారని ఎదురుచూశాను. ఆయన ఒప్పేసుకున్నారు! కారణం వేరే ఉంది. పాస్‌పోర్ట్ వచ్చింది మొదలు ఊళ్ళో వాళ్ళంతా చూడ్డానికి వస్తున్నారు. ముందురోజు ఎవరో పకోడీ తిన్న చేత్తో వీసా ముద్ర తడిమి చూశారు. "మనింట్లో కంటే అక్కడే భద్రం" అన్నారు నాన్నగారు. ఎవరింట్లో అన్నది నాయనమ్మే తేల్చింది. నర్సమ్మ ఇల్లు మనం వెళ్ళే దిక్కునే ఉంది, పైగా ప్రయాణానికని మొదటి సూది పొడిచిన చెయ్యి ఆవిడదే.

ఆదివారం పొద్దున ఆ ఘడియకి సంచికి కుంకుమ బొట్టు పెట్టి నేనే తీసుకెళ్ళాను. నర్సమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుని సంచి అందుకుని తన ట్రంకుపెట్టె మీద పెట్టింది. "మంగళారం దాకా ఇది నా పేణం అనుకో. కళ్ళు దాటనివ్వను" అంది. నాన్నగారు అట్ట మీద చివరి వరుసకి ఎర్ర టిక్కు పెట్టేసి కలం మూత బిగించారు.

మంగళవారం పొద్దున స్నానాలు, దణ్ణాలు అన్నీ అయ్యాయి. పదిగంటల వైజాగ్ బస్సుకి వెళ్ళాలని రిక్షాలో పెట్టె వేసుకుని అందరం బయల్దేరాం. నర్సమ్మ ఇంటి ముందు ఆగాం. తలుపుకి తాళం. 

మొదట ఎవరికీ భయం వెయ్యలేదు. డ్యూటీకి వెళ్ళి ఉంటుంది, వచ్చేస్తుంది అనుకున్నాం. ఎదురింటావిడ పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి, "రాత్రి రాలేదండీ. నిన్న సందేళ ఆసుపత్రి జీపొచ్చి ఎక్కించుకుపోయింది. ఎక్కడో కాన్పు కష్టమయిందట" అని చెప్పింది. నాన్నగారు ఆసుపత్రికి పరిగెత్తారు. మా నాన్నగారు పరిగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం. వచ్చి చెప్పారు: కృష్ణదేవిపేట దాటాక కొండమీద ఒక గూడెం, వానకి గెడ్డ పొంగింది, జీపు ఇవతలే ఆగిపోయింది, నర్సమ్మ నడిచి దాటి వెళ్ళింది, ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలీదు.

"తాళం బద్దలుకొట్టండి" అంది అమ్మ. ఆ మాట మా అమ్మ నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"పరాయి ఆడమనిషి ఇల్లు! ఎలా కొడతానే?" అన్నారు నాన్నగారు.

నేను వీళ్ళ వాదన వినకుండా పక్కనున్న కిటికీ రెక్క లాగాను. అది ఊడొచ్చినంత పనయింది. లోపల మంచం, పొయ్యి, ట్రంకుపెట్టె అన్నీ కనిపిస్తున్నాయి. పెట్టె మీద ఏమీ లేదు. 

సంచి లేదు. నకళ్ళు ఇంకో సెట్టు పెట్టెలో ఉన్నాయి గాని, పాస్‌పోర్ట్ లేకుండా ఎవడు విమానం ఎక్కనిస్తాడు? ఇన్ని నెలలు అట్ట మీద పెట్టుకున్న ఎర్ర టిక్కులన్నీ దండగ. నేను నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. "నీ పరస్థానం తగలెయ్య! నా బతుకంతా ఆ సంచిలో ఉంది! మంగళవారమట మంగళవారం!" అని నడివీధిలో అరిచాను. రిక్షావాడు దిగి నిలబడ్డాడు. నాయనమ్మ కిటికీలోంచి తనూ తొంగిచూసింది, తర్వాత చెంగు బిగించుకుంది.

"ఇంట్లో లేదంటే ఆవిడ సేతిలో ఉన్నట్టే. తాళమేసిన ఇంట్లో వదిలి పోయే మనిషి కాదది. బస్టాండుకి పదండి."

"బస్టాండుకెందుకమ్మా? ట్యాక్సీ కట్టించుకుని నేను కృష్ణదేవిపేట పోతాను" అన్నారు నాన్నగారు.

"నువ్వటు పోతే అది ఇటొస్తాది. పరస్థానం ఎనక్కి తేకూడదని ఆవిడకి తెల్దేటి? ఇంటికి తేదు, మన గుమ్మానికీ తేదు. తెస్తే బస్సు కాడికే తెస్తాది. పద పద, బేగి!"

నాన్నగారు నా వంక చూశారు. లెక్కల మేష్టారికి అక్కడ వేసుకోడానికి లెక్కేమీ లేదు. ట్యాక్సీలో అటు వెళ్తే పది గంటల బస్సు ఖాయంగా తప్పుతుంది. బస్టాండుకి వెళ్తే, ఆవిడ రాకపోతే, అన్నీ తప్పుతాయి. నాకు నాయనమ్మ మీద కోపం ఇంకా చల్లారలేదు, అయినా "బస్టాండుకే పోనియ్" అన్నాను రిక్షావాడితో. ఎందుకన్నానంటే, ఆరేదాకా ముద్ర మీద ఊదిన ఆ మనిషి గుర్తొచ్చింది.

బస్టాండులో వైజాగ్ బస్సు నిలబడే ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు. జనం మధ్యలోంచి అటూ ఇటూ వెతుక్కుంటూ వెళ్తే, సిమెంటు బల్ల మీద మూలకి ఆనుకుని నిద్రపోతోంది నర్సమ్మ. తెల్లచీర మోకాళ్ళ దాకా ఎర్రబురద. ఒళ్ళో నీలం సంచి. నిద్రలో ఎవరైనా లాక్కుపోతారని దాని పట్టీని మణికట్టుకి మెలితిప్పి చుట్టుకుంది. ఆ మెలిక చూసి నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ తట్టి లేపింది. కళ్ళు తెరిచి మమ్మల్ని చూసి, "ఒచ్చీసేరా? ఇంత ఆలీసమేటి? తొలిబస్సుకే ఒచ్చీసి సూస్తన్నాను, కునుకట్టీసింది" అని మమ్మల్నే గదమాయించింది.

"మీరు తాళం వేసి వెళ్ళిపోయారని మాకు ప్రాణాలు పోయాయండీ" అన్నారు నాన్నగారు.

"కబురెడదావనుకున్నాను మేష్టారూ, జీపోడు ఆగలేదు. కొండకాడ కాన్పు ఎప్పుడౌద్దో సెప్పలేం గదా. తాళమేసి పోతే తెల్లారి మీరొచ్చి ఏటి సేస్తారు? అందుకే పట్టుకుపోనాను. గెడ్డలో నెత్తిన పెట్టుకుని దాటేను. అక్కడ ఇంటి సూరుకి తగిలించి పని సేసుకున్నాను."

"ఇంటికి రావల్సింది గదా తల్లీ!" అంది అమ్మ.

"బస్టాండు దాకా ముందుకొచ్చిన సంచిని ఎనక్కెలాగ తెస్తాను? మామ్మగోరు ఒప్పుకుంటారా?"

మా మామ్మగారు నా వంక ఒక్క చూపు చూసింది. అంతటితో వదిలిపెట్టినందుకు ఇప్పటికీ ఆవిడకి రుణపడే ఉన్నాను. నాన్నగారికి మాత్రం లెక్కల బుర్ర ఊరుకోదు. "అమ్మా, సంచి రాత్రంతా పడమటకే గదా వెళ్ళింది, వైజాగ్ తూర్పునుంటే?" అన్నారు. "అది బిడ్డ కోసం ఎల్లింది. ఆ దారి లెక్కలోకి రాదు" అని నాయనమ్మ తేల్చేసింది.

నాన్నగారు అక్కడే బల్లమీద సంచి తెరిచి ఒక్కొక్కటీ తీసి మళ్ళీ చూశారు. ఒక్క కాగితం తడవలేదు. ఎక్స్‌రే కవరుకి ఆసుపత్రి రబ్బరుషీటు ముక్క చుట్టి ఉంది. అన్నింటికీ అడుగున జాబితాలో లేనిది ఒకటి దొరికింది, అడ్డాకు పొట్లం. విప్పితే పచ్చిమట్టి వాసనతో పసుపు కొమ్ములు.

"ఆడపిల్ల పుట్టింది" అంది నర్సమ్మ. మొహం అంతా అలసట, అయినా నవ్వింది. "ఆ పిల్ల మామ్మ, ఆ సంచేటి కిందెట్టవు అని అడిగింది. మా పిల్ల సదువుకోడానికి పైదేశం ఎల్తంది, దాని కాగితాలు అన్నాను. మంచి పనికెల్లే సంచి ఉత్త సేతుల్తో మా ఇంట్లోంచి ఎల్లకూడదని ఇయ్యి ఏసింది. తీసీకు, ఉండనీ."

బస్సు హారను కొట్టింది. నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే బురద, బురద అని వెనక్కి జరిగిపోయింది. బస్సు కదిలాక కూడా కిటికీ పక్కన నడుస్తూ, "ఆరు రోజులు దాటిపోనాది, టీకా సెల్లుతాది, బయపడకు" అని చెబుతూనే ఉంది.

బ్యాంకాక్‌లో గడువుకి ఒక రోజు ముందు ఆ విద్యాసంస్థ ఆఫీసులో టేబులు ముందు నిలబడ్డాను. చెమటలు కారుతున్నాయి, స్వెట్టరు పెట్టె అడుగున ఉంది. టేబులు వెనక పెద్దావిడ ఒక్కొక్క కాగితం అడుగుతుంటే ఒక్కొక్కటీ తీసి ఇచ్చాను. ఎక్స్‌రే లాగినప్పుడు పొట్లం ఊడి పసుపు కొమ్ములు టేబులు మీద దొర్లాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఒక కొమ్ము తీసుకుని వాసన చూసి, "ఖమిన్!" అని నవ్వింది. వాళ్ళ భాషలో పసుపు అట. కళ్ళు మూసుకుని ఇంకోసారి వాసన చూసి, జాగ్రత్తగా ఆకులో పెట్టి నాకు తిరిగిచ్చి, నా పేరు పక్కన టిక్కు పెట్టింది. ఆ దేశంలో నన్ను చూసి మొదట నవ్విన మనిషి ఆవిడే.

చదువు పూర్తయి తిరిగొచ్చిన రోజు వైజాగ్ బస్సు మధ్యాహ్నానికి నర్సీపట్నం చేరింది. ఏ బస్సుకి వస్తానో ఇంట్లో తెలీదు. రిక్షా ఎక్కి మా వీధి చివర పెంకుటింటి ముందు ఆపమన్నాను. నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చి తల దువ్వుకుంటోంది. జుట్టు కాస్త నెరిసింది.

"ఓలమ్మా! ఇంటికెల్లకుండా ఇటొచ్చీసేవేటే?"

"ఇక్కణ్ణించే గదా బయల్దేరాను" అన్నాను.

ఆవిడ దువ్వెన గూట్లో పెట్టేసింది. తర్వాత ముక్కు చీదుకుని, "సర్లే, ఏదీ, నా సంచి?" అంది. ఇచ్చాను. రెగ్జిను అంచులు చిట్లిపోయాయి. చెయ్యి లోపలికి పెట్టి పాస్‌పోర్ట్ చూసింది, టీకా పుస్తకంలో తను ఊదిన ముద్ర చూసింది, కొత్త డిగ్రీ పట్టా తీసి చదవకుండానే వేళ్ళతో తడిమి మళ్ళీ లోపల పెట్టింది. తలుపుకి తాళం వేసింది. సంచి పట్టీ తన భుజాన వేసుకుని మా ఇంటి వైపు తిరిగింది.

"పద. ఇప్పుడు ఎనక్కి తేవొచ్చు."